అకౌంటెంటు రాజీనామా లేఖలో మూడు తేదీలు

అకౌంటెంటు రాజీనామా లేఖలో కారణం రాయకపోయినా ఇబ్బంది లేదు. కృతజ్ఞతలు చెప్పడం మర్యాద, చెప్పకపోయినా లేఖ చెల్లుతుంది. తేదీలు తేటగా లేకపోతే మాత్రం ఆ లేఖ పని చేయదు. ఉండవలసిన తేదీలు మూడు: నోటీసు ఏ రోజు మొదలవుతుంది, ఆఫీసుకు వచ్చి పని చేసే ఆఖరి రోజు ఏది, ఉద్యోగ సంబంధం ఏ రోజుతో ముగుస్తుంది. వీటినే ఆఫీసుల్లో నోటీసు స్టార్ట్ డేట్, లాస్ట్ వర్కింగ్ డే, రిలీవింగ్ డేట్ అంటారు. చాలామంది ఈ మూడింటికీ బదులు "అరవై రోజుల నోటీసు ఇస్తున్నాను, గడువు పూర్తయ్యాక రిలీవ్ చేయగలరు" అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటారు. అందులో ఒక్క తేదీ కూడా లేదు. ఆ వాక్యాన్ని యజమాని ఒకలా, ఉద్యోగి ఒకలా, జీతాల లెక్క చూసేవారు ఇంకోలా చదువుకుంటారు. తేడా రెండు మూడు రోజులే కావచ్చు. ఆ రెండు మూడు రోజుల మీదే గ్రాట్యుటీ, పీఎఫ్ బదిలీ, కొత్త ఉద్యోగంలో చేరిక ఆధారపడే సందర్భాలున్నాయి.

మూడు తేదీలూ మూడు వేరు వేరు ప్రశ్నలకు జవాబులు. నోటీసు తేదీ గడువు లెక్క ఎక్కడ మొదలైందో చెబుతుంది. చివరి పనిదినం లెక్కల పుస్తకాలకు ఆ వ్యక్తి ఎంతవరకు బాధ్యులో చెబుతుంది. రిలీవింగ్ తేదీ జీతం, సర్వీసు, పీఎఫ్ ఏ రోజుతో ఆగుతాయో చెబుతుంది. వెనకటి రెండూ ఒకే రోజు పడవచ్చు, పడకపోవచ్చు. ఒకే రోజైనా సరే రెండింటినీ విడిగా రాయడమే మంచిది. రాయని తేదీని తర్వాత ఎవరికి అనుకూలంగా వారు పూరించుకుంటారు.

ఒక ఉదాహరణ తీసుకుంటే సంగతి తేలికగా బోధపడుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో వాహనాల విడిభాగాలు అమ్మే ఒక ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ ఉందనుకుందాం. ముప్పై మంది ఉద్యోగులు, వారానికి ఆరు రోజుల పని. అందులో అకౌంటెంటుగా ఉన్నామె 2021 ఆగస్టు 16న చేరింది. ఇప్పుడు జీతం నెలకు 46,500 రూపాయలు, అందులో బేసిక్ 26,000. అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉన్న షరతు: ఉద్యోగం మానేవారు 60 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆమె 2026 జూన్ 16, మంగళవారం రాజీనామా ఇచ్చింది. వేరే కంపెనీలో ఆగస్టు 17, సోమవారం చేరాలి.

ఈ 60 రోజులు ఎప్పుడు పూర్తవుతాయి? లేఖ ఇచ్చిన జూన్ 16నే మొదటి రోజుగా లెక్కిస్తే అరవయ్యో రోజు ఆగస్టు 14. మర్నాడు, అంటే జూన్ 17న లెక్క మొదలుపెడితే ఆగస్టు 15. మేనేజింగ్ డైరెక్టర్ ఊళ్లో లేక లేఖను 18న చూశారనీ, ఆ మర్నాటి నుంచే లెక్కించాలనీ కంపెనీ అంటే ఆగస్టు 17. షరతు 60 రోజులని ఉన్నా మాటల్లో అందరూ "రెండు నెలలు" అనుకుంటూ ఉంటే, జూన్ 17న మొదలైన రెండు నెలలు ఆగస్టు 16తో పూర్తవుతాయి. ఒకే లేఖకు నాలుగు ముగింపులు. ఇందులో ఏ ఒక్క లెక్కా మోసం కాదు, ప్రతిదానికీ ఏదో ఒక ఆధారం చూపించవచ్చు. తగవు పుట్టేది అందుకే.

లెక్కకు సాధారణంగా వాడే పద్ధతి 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలో ఉంది. ఫలానా తేదీ "నుంచి" అన్నప్పుడు ఆ మొదటి రోజును వదిలేయాలని దాని 9వ సెక్షన్ చెబుతుంది. "నెల" అంటే ఇంగ్లిషు క్యాలెండరు నెల అని అదే చట్టంలో నిర్వచనం ఉంది. ఈ చట్టం కేంద్ర చట్టాలను చదవడానికి ఉద్దేశించింది, ప్రైవేటు కంపెనీ అపాయింట్‌మెంట్ లెటర్‌ను నేరుగా శాసించదు. అయినా నోటీసు ఇచ్చిన రోజును వదిలి మర్నాటి నుంచి లెక్కపెట్టడం ఆఫీసుల్లోనూ మామూలు పద్ధతే. ఇచ్చిన రోజు అప్పటికే కొంత గడిచిపోయి ఉంటుంది కాబట్టి అది న్యాయం కూడా. కనుక మన ఉదాహరణలో నోటీసు జూన్ 17న మొదలై ఆగస్టు 15న ముగుస్తుంది. ఆదివారాలూ పండుగ సెలవులూ ఈ 60లో కలిసే ఉంటాయి. అపాయింట్‌మెంట్ లెటర్‌లో "60 పనిదినాలు" అని ఉంటేనే లెక్క మారుతుంది, అప్పుడు గడువు పది పన్నెండు రోజులు ముందుకు జరుగుతుంది. అందుకే లేఖ రాయడానికి ముందు చేయవలసిన మొదటి పని అపాయింట్‌మెంట్ లెటర్ తీసి ఆ షరతును అక్షరం అక్షరం చదవడం. తర్వాత ఇంక్రిమెంటు లెటర్లలోనో, హెచ్‌ఆర్ పాలసీలోనో ఆ గడువును మార్చి ఉంటే అదీ చూసుకోవాలి. చేరినప్పుడు 30 రోజులుండి, సర్వీసు ఖాయం చేసిన లెటర్‌లో 60 అయిన ఉద్యోగాలు చాలా ఉన్నాయి.

లేఖ చేరిన రోజుకు రుజువు కావాలి. మెయిల్‌లో పంపితే తేదీ, సమయం దానంతటదే నమోదవుతుంది. పై అధికారికీ, హెచ్‌ఆర్ చిరునామాకూ ఒకే మెయిల్ వెళ్లాలి. ఆఫీసు మెయిల్ చివరి రోజు తర్వాత తెరుచుకోదు కాబట్టి ఒక కాపీ సొంత మెయిల్‌కు కూడా పంపుకోవాలి. చేతికిస్తే రెండో ప్రతి మీద "అందింది" అని సంతకం, తేదీ, కంపెనీ ముద్ర వేయించుకోవాలి. వాట్సాప్‌లో చెప్పడం, గదిలోకి వెళ్లి నోటిమాటగా చెప్పడం మర్యాదగా బాగుంటుంది గానీ నోటీసుకు ప్రత్యామ్నాయం కాదు. పని వేళలు ముగిశాక రాత్రి తొమ్మిదికి మెయిల్ పంపి ఆ రోజే నోటీసు ఇచ్చానంటే అనవసరమైన వాదన పుడుతుంది. మధ్యాహ్నం లోపు ఇస్తే ఆ వాదనకు తావే ఉండదు.

కంపెనీ "మీ రాజీనామాను ఆమోదించాం" అని చెప్పే వరకూ నోటీసు మొదలుకాదని కొందరు యజమానులు అంటారు. షరతులో ఆ మాట ఉంటే తప్ప, ప్రైవేటు ఉద్యోగంలో నోటీసు గడువు ఇచ్చిన తేదీని బట్టే నడుస్తుంది. ఎవరైనా రెండు వారాలు జవాబివ్వకుండా ఊరుకున్నంత మాత్రాన గడువు రెండు వారాలు పెరగదు. అందుకే లేఖలో "ఆమోదించిన తేదీ నుంచి" అనే మాట ఉద్యోగి తానుగా రాయకూడదు. అలవాటుగా ఎక్కడో చూసిన నమూనా లేఖలోంచి ఆ మాటను దించేసుకుంటే, నోటీసు తేదీని ఎదుటివారి చేతికి ఇచ్చినట్టే.

ఇక చివరి పనిదినం. మన ఉదాహరణలో గడువు ముగిసే ఆగస్టు 15 శనివారం, స్వాతంత్ర్య దినోత్సవం. ఆఫీసు మూసి ఉంటుంది. కాబట్టి ఆమె కుర్చీలో కూర్చుని పని చేసే ఆఖరి రోజు ఆగస్టు 14, శుక్రవారం. ఉద్యోగం మాత్రం 15తో ముగుస్తుంది. రెండు తేదీలూ ఒకటి కావని ఇక్కడ క్యాలెండరే చెబుతోంది. సెలవులు మిగిలి ఉన్నప్పుడు ఈ దూరం ఇంకా పెరుగుతుంది. ఆమెకు ఎనిమిది రోజుల ఆర్జిత సెలవు ఉందనీ, దాన్ని నోటీసు చివర వాడుకోవడానికి కంపెనీ ఒప్పుకుందనీ అనుకుందాం. మధ్యలో ఆదివారం పోగా ఆగస్టు 6 నుంచి 14 వరకు ఎనిమిది పనిదినాలు వస్తాయి. అప్పుడు చివరి పనిదినం ఆగస్టు 5 అవుతుంది, రిలీవింగ్ తేదీ 15గానే ఉంటుంది.

మామూలు ఉద్యోగికి ఇది సౌకర్యమే. అకౌంటెంటు విషయంలో మాత్రం ఆలోచించవలసి ఉంటుంది, ఎందుకంటే ఆ ఉద్యోగానికి నెలలో కొన్ని తేదీలు చాలా బరువైనవి. జీతాలు, కాంట్రాక్టు బిల్లుల నుంచి జూలైలో మినహాయించిన టీడీఎస్ ఆగస్టు 7లోగా కట్టాలి. నెలవారీ పద్ధతిలో ఉన్న వ్యాపారి జూలై అమ్మకాల వివరాలతో జీఎస్టీఆర్-1ను 11లోగా వేయాలి. పీఎఫ్, ఈఎస్‌ఐ సొమ్ము 15లోగా కట్టాలి. జీఎస్టీఆర్-3బి 20లోగా వేసి పన్ను చెల్లించాలి. ఆగస్టు 5నే ఆమె వెళ్లిపోతే ఈ నాలుగూ ఆమె లేనప్పుడే జరగాలి. ఆగస్టు 14 వరకు ఉంటే మొదటి రెండూ ఆమె చేతుల మీదుగా పూర్తవుతాయి. 15 సెలవు కాబట్టి పీఎఫ్, ఈఎస్‌ఐ చలానాలు 14నే కట్టేయవచ్చు. 3బి ఒక్కటి మిగులుతుంది. దానికి కావలసిన ఇన్‌పుట్ ట్యాక్స్ లెక్క సిద్ధం చేసి తర్వాత వచ్చేవారికి అప్పగిస్తే సరిపోతుంది. అందువల్ల అకౌంటెంటు సెలవులను చివర్లో వాడుకోవడం కన్నా వాటికి డబ్బు తీసుకోవడం, లేదా జూలై మధ్యలో వాడుకోవడం మేలు. రాజీనామా తేదీని ఎంచుకునే వీలుంటే, చివరి పనిదినం 7కూ 11కూ ముందు కాకుండా వాటి తర్వాత పడేలా చూసుకోవడం వృత్తి మర్యాద. ఆలస్యపు వడ్డీ కట్టవలసి వస్తే ముందుగా వినిపించేది వెళ్లిపోయిన అకౌంటెంటు పేరే.

చివరి పనిదినాన్ని స్పష్టంగా రాయడానికి ఇంతకన్నా గట్టి కారణం మరొకటి ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి లావాదేవీకీ, ప్రతి మార్పుకూ జాడ నమోదు కావాలి. దాన్నే ఆడిట్ ట్రయల్ లేదా ఎడిట్ లాగ్ అంటారు. ఏ వోచరును ఏ రోజు ఏ యూజరు మార్చారో అందులో ఉంటుంది, దాన్ని ఆపివేయడానికి వీల్లేదు. అకౌంటెంటు వెళ్లిపోయాక కూడా ఆమె లాగిన్ పని చేస్తూ ఉంటే, ఆగస్టు 20న ఎవరో ఒకరు అదే పాస్‌వర్డుతో ఒక నగదు వోచరును దిద్దవచ్చు. లాగ్‌లో కనిపించేది ఆమె పేరే. ఆరు నెలల తర్వాత ఆడిటర్ అడిగినప్పుడు ఆమె చూపించగలిగిన సాక్ష్యం ఒక్కటే: చివరి పనిదినం ఆగస్టు 14 అనీ, ఆ సాయంత్రంతో తన లాగిన్ మూసివేయమనీ రాతలో కోరిన లేఖ. బ్యాంకు నెట్ బ్యాంకింగ్ యూజర్ ఐడీ, జీఎస్టీ పోర్టల్‌లో ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు, టీడీఎస్ ఖాతా లాగిన్ సంగతీ ఇంతే. చిన్న కంపెనీల్లో ఈ ఓటీపీలు అకౌంటెంటు సొంత ఫోన్‌కే వస్తుంటాయి. చివరి పనిదినానికి ముందే నంబరు మార్పించుకోకపోతే, కొత్త ఉద్యోగంలో కూర్చుని పాత కంపెనీకి ఓటీపీలు చదివి చెప్పవలసి వస్తుంది. రిలీవ్ అయ్యాక ఆ పని చేయడం సాయం అనిపించినా, రిటర్నులు ఇంకా తానే వేస్తున్నట్టు లెక్క.

చివరి రోజు అప్పగింత పత్రం కూడా అదే తేదీతో ఉండాలి. 14వ తేదీ సాయంత్రం క్యాష్ బుక్ ప్రకారం నగదు ఎంత, పెట్టెలో లెక్కపెడితే ఎంత, బ్యాంకు నిల్వ ఎంత, ఇచ్చినా ఇంకా మారని చెక్కులు ఏవి, ఖాళీ చెక్కు పుస్తకంలో మొదటి చెక్కు నంబరు ఎంత, డైరెక్టర్ డిజిటల్ సంతకం టోకెన్ ఎవరికి అప్పగించారు అన్న వివరాలు అందులో రాసి, తీసుకున్నవారి సంతకం పెట్టించుకోవాలి. రాజీనామా లేఖలో ఒక తేదీ, అప్పగింత పత్రంలో ఇంకో తేదీ ఉంటే మధ్య రోజుల నగదుకు బాధ్యులెవరో తేలదు.

మూడోది రిలీవింగ్ తేదీ. కంపెనీ రికార్డుల్లో ఉద్యోగి పేరు ఏ రోజు సాయంత్రం వరకు ఉంటుందో అదే ఈ తేదీ. ఆఫీసుకు వెళ్లడం ఆగిపోయినా ఉద్యోగం ఆగిపోదు అనడానికి సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు చక్కని నిదర్శనం. భారత్ ఎర్త్ మూవర్స్‌లో పనిచేసే శ్రీకాంత అనే అధికారి 1993 జనవరి 4న రాజీనామా ఇచ్చారు. సంస్థ అదే రోజు ఆమోదించింది. అయితే మిగిలిన సెలవులు ఇచ్చి, జనవరి 15న పని వేళలు ముగిశాక రిలీవ్ చేస్తామని రాసింది. ఈలోగా జనవరి 8న ఆయన రాజీనామా వెనక్కు తీసుకున్నారు. ఇప్పటికే ఆమోదించాం కాబట్టి కుదరదని సంస్థ అంది. రిలీవ్ అయ్యే 15వ తేదీ వరకు ఉద్యోగ సంబంధం కొనసాగుతూనే ఉంది కాబట్టి అంతకు ముందే వెనక్కు తీసుకోవడం చెల్లుతుందని 2005లో కోర్టు తేల్చింది. ఆ కేసులో రాజీనామా తేదీ, ఆమోదం తేదీ, సెలవు మొదలైన తేదీ అన్నీ ఉన్నా, ఫలితాన్ని నిర్ణయించింది రిలీవింగ్ తేదీ.

మన ఉదాహరణలో ఈ తేదీ విలువ ఇంకా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఆమె 2021 ఆగస్టు 16న చేరింది కనుక, 2026 ఆగస్టు 15తో సరిగ్గా అయిదేళ్లు నిండుతాయి. గ్రాట్యుటీకి సాధారణంగా కావలసిన సర్వీసు అయిదేళ్లు. లెక్క ఇలా ఉంటుంది: నెల బేసిక్ 26,000ను 26తో భాగించి, 15తో హెచ్చించి, అయిదేళ్లతో గుణిస్తే 75,000 రూపాయలు. ఆఫీసులో ఎవరైనా చివరి పనిదినాన్నే రిలీవింగ్ తేదీగా రాసేస్తే సర్వీసు ఆగస్టు 14తో ముగుస్తుంది, అయిదేళ్లకు ఒక్క రోజు తక్కువ పడుతుంది. నాలుగేళ్లు నిండి అయిదో ఏడాదిలో 240 రోజులు పనిచేసినా చాలునని మద్రాసు హైకోర్టు చెప్పింది, ఆ వాదనతో పోరాడి సాధించుకోవచ్చు. కానీ అన్ని కంపెనీలూ దాన్ని అడగ్గానే ఒప్పుకోవు. ఒక తేదీ సరిగా రాస్తే అసలు పోరాడే పనే ఉండదు. జీతం విషయంలోనూ తేడా ఉంది. 46,500ను ఆగస్టు నెల 31 రోజులతో భాగిస్తే రోజుకు 1,500 వస్తుంది. 15 రోజులకు 22,500, 14 రోజులకు 21,000. సెలవు రోజైన 15వ తేదీ జీతం ఆమెకు రావాలంటే ఆ రోజు ఆమె ఉద్యోగంలో ఉండాలి.

తేదీ ముందుకు కాక వెనక్కు జరిగినా ముప్పే. జీతాల విభాగంలో పనిచేసేవారు నెలాఖరును ఆధారంగా పెట్టుకుని ఆగస్టు 31ని పీఎఫ్ ఎగ్జిట్ తేదీగా ఎక్కించడం తరచు జరిగే పొరపాటు. కొత్త కంపెనీ చేరిక తేదీ ఆగస్టు 17గా చూపిస్తుంది. అంటే పక్షం రోజులు ఆమె రెండు చోట్లా పనిచేసినట్టు రికార్డు. పాత ఖాతా సొమ్మును కొత్త ఖాతాకు బదిలీ చేయమన్నప్పుడు ఈ అతివ్యాప్తి మీద వివరణ అడగవచ్చు. నోటీసు లెక్క తప్పి ఆగస్టు 17 రిలీవింగ్ తేదీ అయినా ఒక రోజు అతివ్యాప్తి వస్తుంది. 15న రిలీవ్ అయి, 16 ఆదివారం పోనిచ్చి, 17న చేరితే రెండు రికార్డులూ ఒకదాన్నొకటి తాకవు.

ఇవన్నీ చూసుకున్నాక రాసే లేఖ పొడుగ్గా ఉండనక్కరలేదు. ఇలా ఉంటే చాలు:

తేదీ: 16 జూన్ 2026, మంగళవారం

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: అకౌంటెంటు ఉద్యోగానికి రాజీనామా – రిలీవింగ్ తేదీ 15 ఆగస్టు 2026

అయ్యా,

అకౌంటెంటు ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. నా అపాయింట్‌మెంట్ లెటర్ ప్రకారం ఇవ్వవలసిన 60 రోజుల నోటీసును ఈ లేఖ ద్వారా ఇస్తున్నాను. ఈ రోజును మినహాయించి, 17 జూన్ 2026, బుధవారం నోటీసులో మొదటి రోజు. 15 ఆగస్టు 2026, శనివారం అరవయ్యో రోజు, ఆఖరి రోజు.

15 ఆగస్టు సెలవు కాబట్టి నేను ఆఫీసుకు హాజరై పనిచేసే చివరి పనిదినం 14 ఆగస్టు 2026, శుక్రవారం. నా సర్వీసులో ఆఖరి రోజు, రిలీవింగ్ తేదీ 15 ఆగస్టు 2026. ఆ రోజు ముగిసే వరకు నేను కంపెనీ ఉద్యోగినే.

జూలై నెల టీడీఎస్ చెల్లింపు, జీఎస్టీఆర్-1, పీఎఫ్, ఈఎస్‌ఐ చెల్లింపులు 14 ఆగస్టు లోగా పూర్తి చేస్తాను. జూలై జీఎస్టీఆర్-3బి లెక్కలు సిద్ధం చేసి, మీరు సూచించినవారికి నగదు, బ్యాంకు నిల్వల పత్రంతో పాటు అదే రోజు అప్పగిస్తాను. నా పేరున ఉన్న అకౌంటింగ్, బ్యాంకు, పన్ను పోర్టల్ లాగిన్‌లను ఆ సాయంత్రం ఆరు గంటలకు మూసివేయించవలసిందిగా కోరుతున్నాను.

ఈ లేఖ అందినట్టు, పై తేదీలతో సహా రాతలో తెలియజేయగలరు.

ఇట్లు,
(సంతకం)

ఈ లేఖలో ప్రతి తేదీకీ నెల పేరు అక్షరాల్లో ఉంది, ముఖ్యమైన తేదీల పక్కన వారం ఉంది. నెలను అంకెల్లో రాసి 5/8/2026 అంటే మనకు ఆగస్టు అయిదు, అమెరికా పద్ధతి వాడే సాఫ్ట్‌వేర్‌కు మే ఎనిమిది. వారం పేరు రాయడం వల్ల తేదీ తప్పు పడితే వెంటనే బయటపడుతుంది. శనివారం అని రాసి 16 ఆగస్టు అని ఉంటే ఎక్కడో పొరపాటు జరిగిందని చదివినవారికి తెలిసిపోతుంది. "మొదటి రోజు", "అరవయ్యో రోజు" అని రెండు కొసలూ చెప్పడంతో ఎవరైనా క్యాలెండరు ముందు పెట్టుకుని లెక్క సరిచూసుకోగలరు. "వీలైనంత త్వరగా", "ఆగస్టు మధ్యలో", "తక్షణమే అమలయ్యేలా", "మీరు నిర్ణయించిన తేదీన" లాంటి మాటలు ఎక్కడా లేవు. వీటిలో "తక్షణమే" అన్నిటికన్నా ప్రమాదకరం. అది రాసి, కిందనే 60 రోజుల నోటీసు అంటే లేఖ తనను తానే ఖండించుకుంటుంది. కంపెనీ ఆ ఒక్క మాటనే పట్టుకుని మర్నాడే పంపేయవచ్చు.

లేఖలో తేదీలు ఎంత బాగా రాసినా అవి ఉద్యోగి వైపు మాట. కంపెనీ జవాబులో వేరే తేదీ వస్తే దాన్ని చూసీచూడనట్టు వదిలేయకూడదు, తేడా ఎక్కడుందో ఒకటి రెండు రోజుల్లోనే రాతలో చెప్పాలి. జవాబు మూడు రకాలుగా రావచ్చు. కంపెనీ తొందరగా పంపేస్తామనవచ్చు. జూలై 31నే రిలీవ్ చేస్తామంటే మన ఉదాహరణలోని ఆమె గ్రాట్యుటీకి ఇబ్బందే. అప్పుడు మిగిలిన నోటీసు రోజులకు జీతం ఇస్తారా, సర్వీసును ఏ రోజు వరకు లెక్కిస్తారు అని అడిగి, జవాబు కాగితం మీద తీసుకోవాలి. ఆఫీసుకు రావద్దన్నా సర్వీసును 15 వరకు ఉంచమని కోరవచ్చు. చివరి పనిదినం, రిలీవింగ్ తేదీ వేరని లేఖలో ముందే చెప్పి ఉండటం ఇక్కడ అక్కరకు వస్తుంది. రెండోది, కొత్త మనిషి దొరకలేదు కాబట్టి ఇంకో నెల ఉండమనడం. ఒప్పుకునే ఉద్దేశం ఉంటే కొత్త చివరి పనిదినం, కొత్త రిలీవింగ్ తేదీ రెండూ రాసిన కాగితం మీదే ఒప్పుకోవాలి. "ఇంకొన్నాళ్లు ఉంటాను" అనే నోటిమాటతో పాత తేదీలన్నీ చెల్లకుండా పోతాయి. మూడోది, ఉద్యోగే ముందుగా వెళ్లాలనుకుని తగ్గిన రోజులకు డబ్బు కట్టడం. షరతులో దానికి వీలుంటే, ఎన్ని రోజులు తగ్గాయో తేలేది మళ్లీ నోటీసు మొదలైన తేదీని బట్టే. ఇలా వసూలు చేసిన నోటీసు సొమ్ము మీద జీఎస్టీ పడదని 2022 ఆగస్టు 3న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్‌లో స్పష్టం చేసింది. లెక్కలు చూసే మనిషి దగ్గరే ఆ పన్ను పట్టుకోబోతే ఈ సంగతి గుర్తుచేయవచ్చు.

రిలీవ్ అయ్యాక నడిచే గడువులన్నీ మూడో తేదీ మీద ఆధారపడతాయి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, ఉద్యోగి రాజీనామా చేసి వెళ్లినా రావలసిన వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలి. ఆగస్టు 15 తర్వాత ఆదివారం పోతే అది 18, మంగళవారం. గ్రాట్యుటీకి 30 రోజుల గడువు ఉంటుంది, అంటే సెప్టెంబరు 14. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితంలో సర్వీసు ఆఖరి తేదీగా ఏది వేశారో సంతకం పెట్టే ముందు చూసుకోవాలి. సొమ్ము సరిగ్గా ఉంటే తేదీని ఎవరూ చూడరు, తేదీ తప్పు ఉంటే సొమ్ము కూడా ఎక్కడో తప్పే ఉంటుంది.

రిలీవింగ్ లెటర్‌లో మాటలు కూడా చూడవలసినవే. "15 ఆగస్టు నుంచి రిలీవ్ చేశాం" అంటే 15 కలిసిందా, 14తోనే ముగిసిందా తెలియదు. "15 ఆగస్టు 2026 రోజు ముగిసే వరకు పనిచేసి రిలీవ్ అయ్యారు" అని ఉంటే ఆ సందేహం రాదు. చేరిన తేదీ కూడా అందులో 16 ఆగస్టు 2021 అని ఉండాలి, అనుభవ పత్రంలోనూ అవే రెండు తేదీలు ఉండాలి. కొత్త కంపెనీ పాత కంపెనీకి ఫోన్ చేసి సరిచూసుకునేది వీటినే.

చివరగా పీఎఫ్ పోర్టల్. ఎగ్జిట్ తేదీని మామూలుగా పాత కంపెనీయే ఎక్కిస్తుంది. కొన్ని వారాల తర్వాత సొంత యూఏఎన్ లాగిన్‌తో సర్వీసు వివరాలు తెరిచి 15 ఆగస్టు 2026 పడిందో లేదో చూసుకోవాలి. కంపెనీ పట్టించుకోకపోతే, ఆఖరి చందా జమ అయిన నెల తర్వాత రెండు నెలలు ఆగి, ఉద్యోగి తానే `Manage` కింద ఉన్న `Mark Exit`లో తేదీని నమోదు చేసుకోవచ్చు. ఆఖరి చందా పడిన నెలలోని తేదీనే పోర్టల్ తీసుకుంటుంది. ఆగస్టు 1 నుంచి 15 వరకు జీతం మీద చందా కట్టి ఉంటే ఆ నెల ఆగస్టే అవుతుంది, రాజీనామా లేఖలో రాసిన రిలీవింగ్ తేదీనే అక్కడా ఎక్కించడానికి అడ్డు ఉండదు.